సద్దుల బతుకమ్మ పనులు: ప్రతి కాల్‌ల వంక వెట్టే పెద్దాయనతోని ఎట్ల మాట్లాడాలె?

హాల్ బుకింగ్ (దేవరకొండ):
ఆదివారం కాల్‌కు ముందు ఇది తేల్చుకుందాం. స్కూల్ జిమ్ దొరికింది, 250 మంది లెక్క. కానీ ఏది చెప్పినా పెద్దాయన "పోయినసారి గూడ గిట్లనే అన్నరు, అయిందా?" అంటున్నడు. మొన్న 40 నిమిషాల కాల్‌ల 20 నిమిషాలు గదే. కొత్తగొచ్చిన ఇద్దరు పిల్లలు నోరే తెరవలే. ఆయనను దూరం వెట్టబుద్ధి అయితలేదు. పండుగ ఆయనది గూడ కదా.

సౌండ్ (పాలమూరు):
ఆరో రోజు అలిగిన బతుకమ్మను పేర్చం కదా, గట్లనే ఇడిసిపెట్టుడే. లేకుంటే పెద్ద పని ఒకటి మీదేయుండ్రి, ఊకుంటడు.

వాలంటీర్ల లిస్టు (నల్లగొండ):
తమ్మీ, "అలిగిన బతుకమ్మ" అన్న పేరు ఈడనే ఆపు. పేరు వడ్డదంటే రేపు ఆయన ఖరా మాట అన్నా నవ్వులాటకే పోతది.

పని ఇయ్యాలన్నది సగం నిజం. పెద్ద పని ఇస్తే ఆయన కింద చేసేటోళ్లు ఒక్కొక్కలు జారుకుంటరు. ఎప్పుడు మొదలో, ఎప్పుడు ఖతమో తెలిసే చిన్న పని ఇయ్యాలె, అది గూడ ఆయన గులిగే దానికి సంబంధించిందే ఉండాలె.

ముందుగాల ఆయన మాటను చేటల వోసి చెరగాలె. "తిండి కాడ అంతా అధ్వానం, ఎప్పుడూ గింతే" అన్నడు. "అంతా", "ఎప్పుడూ" పొట్టు. గింజ ఏందంటే లైన్. ఒక్క మనిషి ప్లేటుకు 15 సెకన్లు వట్టినా, ఒకటే లైన్ అయితే 250 మందికి గంట దాటుతది. టేబుల్‌ను గోడకు ఆనించకుండ రెండు దిక్కుల లైన్ నడిపిస్తే అరగంట. అంటే ఆయన చెప్పింది నిజమే, చెప్పిన తీరే బాగలేదు.

కాల్‌ల ఆయన మొదలువెట్టంగనే ఒక్క మాట అనుండ్రి: "గంట నిలవడితే ఎవ్వలకైనా కోపమొస్తది కాకా." ఎనుకనే "లైన్ యాడ ఆగింది, అన్నం కాడనా, పెరుగు కాడనా?" అని అడుగుండ్రి. ఆఖరుకు "ఈసారి ఏం మార్చాలె?" అని, ఆయన చెప్పేదాంక ఊకోండ్రి. మనం యాడ జారుతున్నమంటే, "మేమెంత కష్టపడ్డమో ఎరుకనా" అని మొదలువెడ్తం. తన మాట ఇనలేదనుకొని అదే మాట ఇంక గట్టిగ అంటడు. ఇంకో తప్పు, ఆయనను మంచిగ చేసుకుందామని "అవును కాకా, వంటోళ్లు గట్లనే" అనుడు. ఆ మాట తెల్లారేసరికి వంటోళ్ల చెవుల వడ్తది.

ఉపాయం చెప్తే "కానీ" అన్నడు, ఇంకోటి చెప్తే మళ్ల "కానీ" అన్నడు. ఇగ మూడోది చెప్పొద్దు. "రాసుకున్న కాకా" అని ముందటి పనికి పోవాలె.

వంట టీమ్ (మిర్యాలగూడ):
అయితే నిమ్మకాయ పులిహోర ఇంకో రెండు ట్రేలు చెప్పాల్నా?

వాలంటీర్ల లిస్టు:
తిండి తక్కువైందని కాదక్కా, లైన్ ముచ్చట. ట్రేలు పెంచకు. చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు, పెరుగు సద్దులు, ఐదూ టేబుల్‌కు రెండు దిక్కుల అందేటట్టు వెట్టు.

పూల టీమ్ (వనపర్తి):
మా అత్తమ్మ ఊర్లెకెల్లి వచ్చి నెలాయె. చలి, కూరలు, అన్నిటికి గులుగుడే. ఆమెకూ గిట్లనే అడగాల్నా?

వాలంటీర్ల లిస్టు:
అది వేరే. ఆమెకు మాట్లాడేటోళ్లు లేరేమో. ఈడ తంగేడు, గునుగు దొరకవు కదా, చామంతులతోని ఎట్ల పేర్చాల్నో ఆమెనే అడుగు. నిద్ర, తిండి మారితే మాత్రం గులుగుడు అనుకోని ఊకోకు, డాక్టర్‌కు చూపియ్యి.

స్టేజీ (సూర్యాపేట):
పెద్దాయన ఇది చదివితే? ఎనుక ముచ్చట వెట్టినట్టే కదా మనం.

వాలంటీర్ల లిస్టు:
నిజమే, అది నాకూ గుచ్చుకుంటుంది. శనివారం నేనే ఫోన్ జేస్త, 15 నిమిషాలు. గ్రూప్‌ల పదిమంది ముందట అడిగితే మనిషి తగ్గడు, ఒక్కడినే అడిగితే తగ్గొచ్చు. టేబుల్ కాడ ఏడింటికెల్లి ఎనిమిదింటిదాంక, పది నిమిషాలకోసారి లైన్ల ఎంతమందో రాయమంట. 20 మంది దాటితే పెరుగు సద్దిని వేరే టేబుల్ మీదికి జరపమని చెప్పే హక్కు ఆయనకే.

సౌండ్:
ఫోన్ల మంచిగుండి, కాల్‌ల మళ్ల షురూ జేస్తే?

వాలంటీర్ల లిస్టు:
జేస్తడు. ఒక్క ఫోన్‌కు మారే అలవాటు కాదు. మనం ప్రతిసారి అదే మాట, అదే గొంతుతోని అనాలె. పనిని అంటే ఇందాం. మనిషిని అంటే మాత్రం "కాకా, మనిషి ముచ్చట ఒద్దు, పని చెప్పు" అని అప్పుడే ఆపాలె.

స్టేజీ:
ఆపేది ఎవ్వలు? ఆ కొత్త పిల్లలు ఆపలేరు. కాల్ నడిపేటోళ్లే ఆపాలంట నేను.

హాల్ బుకింగ్:
నడిపేటోళ్లు ప్రతిసారి మారుతరు కదా. వయసుల చిన్నోళ్లు నడిపిన రోజు ఎట్ల? అది ఆదివారం మాట్లాడుదాం. అట్ట, పెన్ను, గోడ గడియారం నేను తెస్త. టేబుల్‌ను గోడకెల్లి నాలుగడుగులు జరపాలె, పిల్లలను ఆరింటికి రమ్మనుండ్రి.