చెరువు పనిలో బంగారం: గొలుసు ఎంత బరువు, కడియం ఎంత మందం?

గట్టుమీద: మాది ఆకివీడు దగ్గర, రొయ్యల చెరువులు చూసుకుంటాను. పెళ్లిలో పెట్టిన మూడు కాసుల గొలుసు రోజూ వేసుకుంటున్నాను. సన్నగా ఉంది, తెగిపోద్ది, ఐదు కాసులకి మార్చు అంటున్నారు మా మామయ్య. కొట్లో 20 గ్రాముల్లో 5 మిల్లీమీటర్ల కడియం కూడా చూశాను. రోజూ పనిలోకి ఏది మంచిది?

సార్వా: మీ మామయ్యగారు చెప్పిందే కరెక్టండి. మా నాన్నగారి గొలుసు ఆరు కాసులు. వరి కోతల్లో, ట్రాక్టరు మీద, అన్నిటికీ మెడలోనే ఉంది. ఒక్క లింకు అరగలేదు. సన్న గొలుసు అంటే రోజూ టెన్షనే.

కుంపటి (నరసాపురం): సార్వా గారూ, లావు గొలుసు ఎక్కువ కాలం మన్నుతుందన్నది నిజమే. కానీ చెరువు దగ్గర భయం గొలుసు తెగుతుందని కాదు, తెగదని. ఏరేటరు గేరుబాక్సు మీదకో, జనరేటరు బెల్టు మీదకో వంగినప్పుడు గొలుసు చొక్కాలోంచి జారి వేలాడుతుంది. మాకు తెలిసిన ఒకాయనకి అలాగే బెల్టు పట్టేసింది. ఎస్ కొక్కెం సాగి ఊడిపోయింది కాబట్టి మెడ మీద వారం రోజులు ఎర్రగీతతో సరిపోయింది. అదే లావు గొలుసై, కొక్కెం పక్క రింగు గట్టిగా అతికించి ఉంటే ఏమయ్యేదో!

మూడు కాసులంటే 24 గ్రాములు. గుల్లది కాకుండా నిండు తీగతో చేసిందైతే పనికి చాలు. చూడాల్సింది పొడవు. 24 అంగుళాలది వంగగానే ఊగుతుంది. 18, 20 అంగుళాలది బనీను లోపలే ఉంటుంది.

ట్రాక్టర్ బాబాయ్: మా ఆవిడ గొలుసు బస్టాండులో లాక్కుపోయారండి. రెండు కాసులు. పోలీసు కంప్లయింటు కూడా ఇచ్చాం. అందుకే మగాళ్లు అసలు వేసుకోకపోతేనే మేలు.

గట్టుమీద: బాబాయ్, చెరువు గట్టు మీద లాక్కునేవాడు ఎవడూ రాడు, ఉన్నదంతా కొంగలే. కుంపటి గారూ, కడియం సంగతి చెప్పండి.

కుంపటి: ఆ 20 గ్రాముల కడియం నిండుది కాదు, గుల్లది. లెక్క చూడండి. లోపలి వెడల్పు 65 మిల్లీమీటర్లున్న నిండు గుండ్రటి కడియం 22 క్యారెట్లలో 3 మిల్లీమీటర్ల మందానికి 27 గ్రాములు తూగుతుంది. 4 మిల్లీమీటర్లకి 48, 5కి 76 దాకా వస్తుంది. మందం కాస్త పెరిగితే బరువు ఎగబాకుతుంది. మరి 20 గ్రాముల్లో 5 మిల్లీమీటర్లు ఎలా వస్తుంది? రేకు చుట్టారు, అంతే. పడవ అంచుకి ఒకసారి తగిలితే సొట్ట పడుతుంది. ఆ సొట్ట తీయడం మా కంసాలులకే కష్టం, అతుకు పెట్టబోతే రేకు కరిగిపోతుంది. కొన్నిటి లోపల లక్క కూడా ఉంటుంది. బిల్లులో మొత్తం బరువు వేరుగా, బంగారం బరువు వేరుగా రాయమనండి. హాల్‌మార్కు హెచ్‌యూఐడీ నంబరు కూడా చూసుకోండి. అది బంగారం నాణ్యత చెబుతుంది, నిండుదా గుల్లదా చెప్పదు.

సార్వా: అయితే 48 గ్రాములది కొనుక్కోమంటారా?

కుంపటి: పనికి ఏ కడియమూ వద్దంటాను. గొలుసైతే ఎస్ కొక్కెం ఊడుతుంది, నిండు కడియం ఊడదు, చెయ్యే లోపలికి పోతుంది. బ్యాటరీ బిగించేటప్పుడు పానా కడియానికి తగిలి, కడియం బండి బాడీకి ఆనితే చెయ్యి క్షణంలో కాలిపోతుంది. ఇష్టమైతే పండక్కి వేసుకోండి.

మెరక చేను: ఒక్క మాట. కొక్కెం పక్క రింగు అతికించకుండా వదిలేయడం నాకు నచ్చదండి. మా తమ్ముడి గొలుసు అలాగే ఊడి చెరువులో పడింది. పట్టుబడి అయ్యాక నీళ్లు తోడి బురదంతా వెదికాం, దొరకలేదు. మూడు కాసులు ఎవరిస్తారు?

కుంపటి: నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. మెడా గొలుసా అంటే నేను మెడే అంటాను. పోయినవాడి బాధ వేరు.

మెరక చేను: మోటారు దగ్గరకి వెళ్లే ముందు తీసి జేబులో పెట్టుకుంటే రెండూ ఉంటాయి కదా?

కుంపటి: రోజుకి నాలుగుసార్లు తీసి పెడితే కొక్కెం సాగిపోద్దండి. చివరికి దానంతట అదే జారుతుంది. ఆర్నెల్లకోసారి కంసాలికి చూపించాలి. మీరే చూసుకోవాలంటే, రెండు లింకులు ఒకదాని మీద ఒకటి ఆనే చోటు గోటితో పక్కకి జరిపి చూడండి. అక్కడ తీగ పక్కల కంటే సన్నబడి గాడి పడితే అరుగుతున్నట్టే. పొడవు కూడా కొలవండి, కొన్నప్పటి కంటే పెరుగుతుంది.

గట్టుమీద: కొలిచాను. కొన్నప్పుడు 22 అంగుళాలు, ఇప్పుడు 22 ముప్పావు. కొక్కెం దగ్గర గాడి కూడా కనబడుతోంది. మామయ్యకి ఇంకా చెప్పలేదు.