సాఫ్ట్ స్టార్టర్ కుదుపు: తప్పు థైరిస్టర్‌దా, బైపాస్ కాంటాక్టర్‌దా?

పీణ్యా కుర్రాడు: కంప్రెసర్ మోటార్ 37 కిలోవాట్లు. స్టార్ట్ నొక్కగానే గుర్రుమంటూ కుదుపుతో లేస్తుంది, అప్పుడప్పుడు ఫేజ్ లాస్ అని ట్రిప్ అవుతుంది. లేచాక బాగానే తిరుగుతుంది. సర్వీస్ అతను మూడు థైరిస్టర్ మాడ్యూళ్లూ మార్చాలంటున్నాడు. మా ఎలక్ట్రీషియన్ బైపాస్ కాంటాక్టరే అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

అంబత్తూరు రాజు: మాకూ ఇదే గోల తమ్ముడూ. స్టార్ నుంచి డెల్టాకి మారేటప్పుడు ఎగిరిపడేది. టైమర్ పెంచాం, పోయింది.

పీణ్యా కుర్రాడు: మాది స్టార్ డెల్టా కాదన్నా.

ఓమ్ మీటర్: సప్లై ఆపి, మోటార్ వైర్లు విప్పి, ప్రతి ఫేజ్‌లో ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ మధ్య ఓమ్స్ చూడు. సున్నా దగ్గర వస్తే థైరిస్టర్ షార్ట్. లేదంటే థైరిస్టర్లు బాగున్నట్టే.

పాత ప్యానెల్: మొదటి మాట సగమే నిజం. బైపాస్ కాంటాక్టర్ థైరిస్టర్‌కి పక్కనే పారలల్‌గా ఉంటుంది, దాని కాంటాక్ట్ అతుక్కుపోయినా సున్నాయే వస్తుంది. బైపాస్ పట్టీలు విప్పాకే కొలవాలి. రెండు ఫేజులే కంట్రోల్ చేసే స్టార్టర్ అయితే మూడో ఫేజ్‌లో సున్నా రావడం మామూలే. ఇక రెండో మాట అసలు తప్పు. గేట్ పల్స్ అందని థైరిస్టర్ మీటర్‌కి బాగున్నట్టే కనిపిస్తుంది.

తమ్ముడూ, కుదుపు ఏ క్షణంలో వస్తోందో చూడండి. మోటార్ పూర్తి వేగం అందుకోకముందే బైపాస్ పడితే, కుదుపు ర్యాంప్ చివర్లో, కాంటాక్టర్ టక్‌మన్న క్షణంలో వస్తుంది. మీది మొదట్లోనే వస్తోంది. క్లాంప్ మీటర్‌తో ర్యాంప్‌లో ఒకసారి, బైపాస్ పడ్డాక ఒకసారి మూడు ఫేజుల కరెంట్ చూడండి. డీసీ కొలిచే క్లాంప్ దొరికితే ఇంకా మంచిది.

పీణ్యా కుర్రాడు: బైపాస్ పడ్డాక 61, 62, 60 ఆంప్స్. ర్యాంప్‌లో రెండు ఫేజుల్లో 190 దాకా, వై ఫేజ్‌లో 120. డీసీ కూడా గట్టిగా చూపిస్తోంది.

పాత ప్యానెల్: బైపాస్‌లో సమానంగా ఉన్నాయి కాబట్టి సప్లై, మోటార్, బైపాస్ కాంటాక్ట్‌ల మీద నాకు అనుమానం లేదు. వై ఫేజ్‌లో ఎదురెదురుగా ఉన్న రెండు థైరిస్టర్లలో ఒకటి ఆన్ అవడం లేదు. సగం తరంగమే వెళ్తోంది, ఆ డీసీ వల్లే గుర్రుమనడం. పవర్ పూర్తిగా తీసి, గేట్ ప్లగ్‌లు ఊడదీసి, ఆరింటికీ గేట్, కాథోడ్ మధ్య ఓమ్స్ పోల్చండి. మామూలుగా పదుల్లో, దాదాపు ఒకేలా ఉంటాయి.

పీణ్యా కుర్రాడు: ఐదు 18 నుంచి 22 మధ్య ఉన్నాయి. వై ఫేజ్‌లో ఒకటి ఓపెన్.

ఓమ్ మీటర్: అయితే మూడూ మార్చేయడమే మేలు. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వేడి తిన్నవే.

పాత ప్యానెల్: గేట్ వైర్ మాడ్యూల్ దగ్గరే తెగి ఉండొచ్చు కదండీ. ముందు ఆ వైర్ చూసి, బాగుంటే ఆ ఒక్క మాడ్యూల్ మార్చి, డీసీ పోయిందో లేదో చూడండి. పోకపోతే ఫైరింగ్ కార్డు సంగతి తేల్చాలి.

ఓమ్ మీటర్: ఒకటి మార్చి నెలకి మళ్లీ ప్యానెల్ విప్పితే ఆ డౌన్‌టైమ్ ఎవరిస్తారు సార్?