“సదానుభవులు గాక”: దీవెనా, ‘వీళ్ళే కాకుండా’ అనా?

నాగావళి ఒడ్డు
ఆగస్టు 29న మా శ్రీకాకుళంలో గిడుగు వారి జయంతి సభ ఉంది. వందన సమర్పణ నా నెత్తిన పడింది. చిన్నప్పుడు మా గ్రంథాలయంలో ఏ సభ జరిగినా ఒక పెద్దాయనే ఆ పని చేసేవారు. చేతిలో కాగితం ఉండేది కాదు. వేదిక మీది పేర్లన్నీ వరసగా చెప్పి, చివర ఏదో రాగయుక్తంగా చదివి, “...సదానుభవులు గాక” అని ఆగి, “ఎందరో మహానుభావులు, అందరికీ వందనములు” అనేవారు. ఆ “సదానుభవులు”కి ముందు ఏముందో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. “గాక” అంటే “వర్ధిల్లు గాక” లాంటి దీవెనే కదా? నాకంటే పెద్దవాళ్ళైన అతిథుల్ని దీవిస్తూ ముగిస్తే బాగుంటుందా? ఇంకో సందేహం: అధ్యక్షుల పేరు ముందు చెప్పాలా, ముఖ్య అతిథి పేరు ముందు చెప్పాలా?

గంటస్తంభం
త్యాగయ్యగారి శ్రీరాగ పంచరత్నంలోదేనండీ, వేరే ఎక్కడో వెతక్కండి. “పరమ భాగవత మౌనివర శశి విభాకర సనక సనందన దిగీశ సుర కింపురుష కనకకశిపు సుత నారద తుంబురు పవనసూను బాలచంద్రధర శుక సరోజభవ భూసురవరులు పరమ పావనులు ఘనులు శాశ్వతులు కమలభవ సుఖము సదానుభవులు గాక”. విజయనగరంలో సంగీత కళాశాల గోడ పక్కన పెరిగినవాడికి ఇది అడగక్కర్లేదు.

చంపావతి
దీవెనే. “సదానుభవులు అగుదురు గాక” అని ఉండాలి, తాళానికి సరిపోక “అగుదురు” జారిపోయింది. ఆ సుఖం వాళ్ళకు ఎప్పుడూ ఉండాలని కోరుకోవడం అన్నమాట. సభ చివర ఇంతకంటే మంచి మాట ఏముంటుంది? నిశ్చింతగా వాడుకోండి.

బొబ్బిలి వీణ
చంపావతి గారూ, నారదుడికీ శుకుడికీ బ్రహ్మానందం కలగాలని మనం దీవించడమేమిటండీ! వాళ్ళకు లేనిదా అది?
ఆశీర్వాదపు “గాక” క్రియ మీదే వస్తుంది: చేయు గాక, జయమగు గాక. ఇక్కడ ముందున్నది నామవాచకం. ప్రథమ మీది పరుషం గనుక “కాక” కాస్తా “గాక” అయింది, “వారు గాక” అన్నట్టే. అంటే “వీళ్ళే కాకుండా”. అసలు ఋజువు పల్లవిలో ఉంది. మిగతా చరణాలు “...మూర్ధన్యులెందరో”, “...వారెందరో” అని పల్లవిలోకి దిగుతాయి. ఇదొక్కటి పేర్ల పట్టీ చదివి “...గాక” అని, అప్పుడు “ఎందరో మహానుభావులు” అందుకుంటుంది. పేరు పెట్టి చెప్పినవాళ్ళు వీళ్ళు, వీళ్ళు కాక ఇంకెందరో ఉన్నారు, అందరికీ దండం. మీ గ్రంథాలయం పెద్దాయన ఎవరో గానీ మహా గట్టివారు. వందన సమర్పణలో అందరూ నీళ్ళు నమిలే చోటు అదే కదా, పేర్లు అయిపోయాక మిగిలినవాళ్ళ సంగతి. ఆ కీలు దగ్గరికి సరిగ్గా ఈ ముక్క తెచ్చి బిగించారు.

పలాస జీడిపప్పు
పెద్దోళ్ళు గాక గురించి మాటాడుకోండి గానీ నా బాధ ఇనండి. మా మావయ్య రిటైర్మెంట్ ఫంక్షన్లో నాకే మైకు ఇచ్చీసారు. వరసగా చెప్పుకుంటా వస్తన్నాను. నాలుగో పేరు కాడికి వచ్చేసరికి ముఖ్య అతిథిగారు కారెక్కీసారు. ఐదో పేరాయన కార్డులో ఉన్నాడు గానీ స్టేజీ మీద లేడు. స్టేజీ మీదున్న ఇంకొకాయన కార్డులోనే లేడు. ఆయన పేరు నేను చెప్పలేదు. మూడేళ్ళు అవుతోంది, ఇప్పటికీ మా ఇంటికి రాడు. ఇదంతా ఎందుకండీ, “పేరు పేరునా అందరికీ ధన్యవాదాలు” అనీసి దిగిపోతే సరిపోదా?

గంటస్తంభం
ఒక్క పేరూ చెప్పకుండా “పేరు పేరునా” అనడం మన సభల్లోనే చెల్లుతుంది.

పాత తహసీల్దారు
గాక సంగతి పండితులు చూసుకుంటారు. క్రమం గురించి నాకు తెలిసింది చెబుతాను, ఉద్యోగంలో ఉండగా ఎన్నో వేదికల వెనక చీటీలు రాసినవాణ్ణి.
ఉపన్యాసం మొదట్లో “అధ్యక్షా” అంటాం. సభ ఆయన చేతిలో ఉంది, మాట్లాడేది ఆయన అనుమతితో గనుక. వందన సమర్పణ అలా కాదు. అక్కడ వచ్చినవాళ్ళు ముందు, ఇంటివాళ్ళు తర్వాత. అధ్యక్షులు మీ సంఘం వారే అయితే అతిథులూ వక్తలూ అయ్యాకే ఆయన పేరు రావాలి. మొట్టమొదట ఆయనకు చెబితే మన ఇంట్లో మనమే ముందు విస్తరి వేసుకున్నట్టు ఉంటుంది. అధ్యక్షత వహించడానికి బయటి నుంచి ఒక పెద్దాయన్ని పిలిచారా, అప్పుడు మొదటి పేరు ఆయనదే. నాగావళి గారూ, మీ వేదిక మీద ఎవరెవరు ఉంటారు?

నాగావళి ఒడ్డు
అధ్యక్షులు మా సంఘం అధ్యక్షులే. ముఖ్య అతిథి విశాఖ నుంచి వచ్చే తెలుగు ప్రొఫెసర్. ఒక వక్త పర్లాకిమిడి నుంచి వస్తున్నారు. పిల్లల బహుమతులకు డబ్బిచ్చిన దాత ఉంటారు. హాలు ఇచ్చిన బడి హెడ్మాస్టరు. ఎమ్మెల్యే గారు “వీలుంటే” వస్తామన్నారు. నాకు టెన్షన్ అంతా అక్కడే.

పాత తహసీల్దారు
ఆహ్వాన పత్రిక చూసి చదవకండి. పలాస వారి కొంప ముంచింది అదే. అందరూ కూర్చున్నాక, శాలువాలు కప్పేటప్పుడు పక్కన నిలబడి, అప్పుడు చీటీ రాసుకోండి. శాలువా ఏ వరసలో కప్పారో మీ వందనమూ అదే వరసలో వెళ్ళాలి. రెండూ తేడా పడితే ముందు వరసలో కూర్చున్నవాడు కూడా పట్టేస్తాడు. పేరు పక్కన ఇంటిపేరు పొడి అక్షరాలూ, హోదా, ఏ పని చేశారో ఒక్క ముక్క రాసుకోండి. విశేషణాలు వద్దు. “మహోన్నత వ్యక్తిత్వం గల” అని ఒకరికి తగిలిస్తే ఆరుగురికీ తగిలించాలి, మూడోవాడి దగ్గరికే సరుకు అయిపోతుంది.
మీ వరస: ప్రొఫెసర్ గారు, పర్లాకిమిడి వక్త, దాత, హెడ్మాస్టరు, అప్పుడు మీ అధ్యక్షులు. తర్వాత వేదిక దిగి విలేకరులు, మైకు, షామియానా, టిఫిన్ల వాళ్ళు. ఆఖర్న సభికులు. ఎమ్మెల్యే గారు వస్తే ఆయన పేరు అన్నిటికంటే ముందు. మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఆయన స్థానం ఆయనదే. “వేరే కార్యక్రమం ఉన్నా వచ్చి మాట్లాడి వెళ్ళిన” అని అక్కడే చెప్పండి. లేరు కదా అని చివరికి తోయకూడదు.

గంటస్తంభం
ఇది నేను ఒప్పుకోను. అది గిడుగు వారి సభ, సర్కారు సభ కాదు. ఆ రోజుకి ముఖ్య అతిథి ఎవరని కార్డులో వేశారో ఆయనే ముఖ్యుడు. ప్రోటోకాల్ అనేది కలెక్టరేట్ కార్యక్రమాలకి.

పాత తహసీల్దారు
మీరు రాజుగారి కోట పక్కన ఉంటారు, చెబుతారు. రేపు బడికి గోడ కావాలంటే హెడ్మాస్టరు ఎవరి దగ్గరికి వెళ్తాడు?

బొబ్బిలి వీణ
క్రమం అంటే గుర్తొచ్చింది. ఆ చరణంలో క్రమం చూశారా? చంద్రుడు ముందు, సూర్యుడు వెనక. పవనసూనుడి తర్వాత గానీ శివుడి పేరు రాదు. శుకుడి వెనక బ్రహ్మ. తహసీల్దారు గారి చీటీ ప్రకారమైతే సగం మంది దేవతలు అలిగి వెళ్ళిపోవాలి. నడకకి ఏ పేరు ఎక్కడ ఒదిగితే అక్కడ పెట్టారాయన. అంత ధైర్యం ఎలా వచ్చిందంటే, చివర “గాక... ఎందరో... అందరికి” అని మూడు మాటల్లో అందర్నీ ఒక గొడుగు కిందికి తెచ్చేస్తారు గనుక.

చంపావతి
మీ లెక్కలో “వీళ్ళు గాక” అంటే వందనం వీళ్ళకి లేదా మరి? “వీళ్ళు కాకుండా ఎందరో ఉన్నారు, వాళ్ళందరికీ” అంటే నారదుణ్ణి బయట నిలబెట్టినట్టే. అందుకే దీవెన అంటున్నాను.

బొబ్బిలి వీణ
“మా అన్న గాక ఇంకా నలుగురు వచ్చారు, అందరికీ భోజనాలు పెట్టాం” అంటే అన్నకి పెట్టలేదనా? “అందరి”లో ముందువాళ్ళూ ఉన్నారు.

చంపావతి
పాఠాల్లో “అందరికి” అని హ్రస్వమే ఉంది. దీర్ఘం ఉంటే మీరన్నట్టు కలుపుకోవచ్చు.

గంటస్తంభం
హ్రస్వమో దీర్ఘమో పాడేటప్పుడు ఎవరికి తెలుస్తుంది, శ్రీరాగంలో సాగదీశాక! నేను గమనించింది ఇంకొకటి. ఎందరో, అందరికి, వందనములు, చందురు, అందచందము, అరవిందము, బ్రహ్మానందము: మొదటి నుంచీ “ంద” మోగుతూనే ఉంటుంది. అందుకే ఈ వాక్యం చివర కొందరు “ధన్యవాదాలు” అని మార్చి చదువుతుంటే చెవిలో రాయి పడినట్టు ఉంటుంది.

పలాస జీడిపప్పు
మా కాడ థాంక్సే.

బొబ్బిలి వీణ
కి, కీ మాట వచ్చింది కాబట్టి నాగావళి గారికి పనికొచ్చేది ఒకటి. “అందరికిని”లో “ని” పోయి ముందున్న అచ్చు సాగింది, అదే “అందరికీ”. మీ పట్టీ కూడా ఆ దీర్ఘం మీదే నడపండి: “ప్రొఫెసర్ గారికీ, వక్త గారికీ, దాత గారికీ, అధ్యక్షులకూ” అని ప్రతి పేరుకీ దీర్ఘం. ఒక్కచోట “అధ్యక్షులకు” అని కుదించారా, వాక్యం అక్కడితో అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టేస్తారు, కుర్చీల చప్పుడు మొదలవుతుంది. దయచేసి “మరియు” వాడకండి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వారి ఫొటోకి దండ వేసి, దాని కిందే నిలబడి “మరియు” అంటే బాగోదు.

గంటస్తంభం
గిడుగు గిడుగు అంటారు గానీ ఆ వాడుక భాషకి ప్రాణం పోసింది మా గురజాడ. “డామిట్! కథ అడ్డంగా తిరిగింది!” నాటకం ఆఖరి మాట. వందన సమర్పణ లేకుండా తెర దించడమంటే అది.

బొబ్బిలి వీణ
ఇద్దరికీ దండమే గానీ, ముగింపు మాట వస్తే మా అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారిని వదిలి ఎలా మాట్లాడతారు? హరికథకి వందన సమర్పణ ఉండదు, మంగళం ఉంటుంది. మంగళంలో దాతల పేర్లు చదవక్కర్లేదు, ఎమ్మెల్యే ముందా వెనకా అన్న గొడవ లేదు. మీ సంగీత కళాశాలకి 1919లో మొదటి అధ్యక్షులు ఆయనే కదా గంటస్తంభం గారూ, గోడ పక్కన పెరిగారన్నారు.

గంటస్తంభం
ద్వారం వారి పేరు కూడా చెప్పండి మరి, ఒక్కరితో ఆపితే ఇంకొకరికి కోపం వస్తుంది. ఇక్కడా మీ “గాక” అవసరమే.

నాగావళి ఒడ్డు
అయితే “వీరు గాక” అని నా మాటల్లోనే చెప్పి పల్లవి అందుకుంటాను. చరణమంతా చదివితే ఊపిరి అందేలా లేదు. ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. వెనక హాల్లో ఉప్మా, టీ ఉన్నాయని ఎప్పుడు చెప్పాలి?

పాత తహసీల్దారు
సభికులకి వందనం చెప్పే వాక్యానికి ముందు. “జాతీయ గీతం తర్వాత వెనక హాల్లో అల్పాహారం” అని అక్కడ చెప్పేసి, ఆఖరి మాట వందనంగా ఉంచండి. జనగణమన అయ్యాక మైకులో ఏం చెప్పినా ఎవరూ వినరు. మరీ ముందు చెబితే గీతానికి సగం మందే మిగులుతారు.

పలాస జీడిపప్పు
ఉప్మాలో జీడిపప్పు ఏస్తారా?

చంపావతి
“అగుదురు” అధ్యాహారం చేసుకోకూడదని ఏ వ్యాకరణంలో ఉందో మాత్రం ఇంతవరకూ ఎవరూ చూపించలేదు.