‘ఇది మాది కాదు’ అనాలా, ‘మనది కాదు’ అనాలా?

ప్రశ్న (ప్రైమరీ టీచర్, పల్నాడు): మూడో తరగతి పిల్లలకు కథ రాస్తున్నాను. కోటప్పకొండ తిరునాళ్లలో చిట్టి, తమ్ముడు బుజ్జి రంగులరాట్నం ఎక్కి దిగుతారు. పక్కన పెట్టిన గుడ్డసంచి మారిపోతుంది. విప్పితే మరమరాలకు బదులు జీళ్లు, ఒక కొత్త బొమ్మ కారు. చిట్టి తమ్ముడితో “ఇది మాది కాదురా” అంటుంది. చదువుతుంటే ఎక్కడో పొసగడం లేదు.

రిటైర్డ్ తెలుగు పండిట్: వింటున్నది బుజ్జి, సంచి వాడిది కూడా. కాబట్టి “మనది కాదురా” అనాలి. ‘మాది’ అంటే వాణ్ని బయట పెట్టినట్టే. తర్వాత సంచి కోసం వెతుక్కుంటున్న అవ్వ కనిపించినప్పుడు మాత్రం “అవ్వా, ఇది మాది కాదు, మీదేనా?” అనాలి. అక్కడ ‘మనది కాదు’ అంటే అవ్వది కూడా కాదని అర్థం వస్తుంది.

ఒక సభ్యురాలు: పిల్లల కథలో ‘మా’ ఎందుకండీ? ‘మన’ అంటే ఆప్యాయంగా ఉంటుంది. అంతటా అదే వాడేయండి.

పండిట్: ఆప్యాయత నిజమేనమ్మా, కొట్టువాడు కూడా ‘మన కొట్టుకు రండి’ అంటాడు. కానీ ఎదుటివాళ్ల వస్తువు చేతిలో పెట్టుకుని ‘మనది’ అంటే వాటా అడిగినట్టుంటుంది. నిజాయితీ కనిపించాల్సిన చోట అది కథనే తిప్పేస్తుంది. చివర్లో అవ్వ మనవడు జీళ్లు విప్పి “ఇవి ఇప్పుడు మనవి, తీసుకోండి” అనాలి. ఆ మాట చిట్టి నోట పెట్టకండి. ఇచ్చేవాడు అంటేనే అది పంచుకోవడం.

డల్లాస్ నుంచి ఒక తండ్రి: మా పాప ‘నా అమ్మ’, ‘నా ఇల్లు’ అంటుంది. ఒక్కతే సంతానం కదా, ‘మా’ అని ఎలా చెప్పాలి?

పండిట్: ఒక్కరే అయినా ‘మా అమ్మ’, ‘మా ఇల్లు’ అనే అంటాం. కథలోనూ అంతే. ఇంటి సంచి గురించి బుజ్జి ఒక్కడే అవ్వతో మాట్లాడినా ‘మాది’ అంటాడు. బొమ్మ కారు దగ్గర మాత్రం “అది నాది కాదు” అంటేనే సహజం.

కోనసీమ సభ్యుడు: తిరునాళ్ల ఏంటండీ, తీర్థం అని రాయండి. తెలంగాణ పిల్లలైతే జాతర అంటారు.

టీచర్: కథ మా కొండ దగ్గరే జరుగుతోంది కాబట్టి తిరునాళ్లే ఉంచుతాను. ‘మన’, ‘మా’ ఇప్పుడు కుదిరాయి. ఇంకొకటి. జీళ్లు చూపిస్తూ చిట్టి “ఇవి మావి కావు” అనాలి కదా, మా క్లాసులో అందరూ “మావి కాదు” అంటారు. ఏది రాయను?

పండిట్: ‘కావు’ రాయండి, బహువచనం కదా.

సభ్యురాలు: ఎనిమిదేళ్ల పిల్ల నోట ‘కావు’ వస్తుందా? నేనైతే ‘కాదు’ అనే ఉంచుతాను.