చర్చ: తమ్ముడి జ్వరం మెట్లెక్కుతోంది. పానీపూరీదా తప్పు, పీజీ నీళ్లదా?

మారతహళ్లి అక్క
మా తమ్ముడికి 24 ఏళ్లు, మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. సోమవారం సాయంత్రం 99.4 ఉంది. మంగళవారం ఉదయం 98.8కి దిగితే తగ్గిందనుకున్నాం, సాయంత్రానికి 100.4 అయింది. బుధవారం 99.6 నుంచి 101.2కు, గురువారం 100.4 నుంచి 102.2కు వెళ్లింది. ఇవాళ శుక్రవారం ఉదయమే 101.2 చూపించింది. ప్రతి ఉదయం కొంచెం దిగుతోంది, కానీ ముందురోజు ఉదయం ఉన్న చోటికి మాత్రం రావడం లేదు. చలి, వణుకు లేవు. తలనొప్పి, మలబద్ధకం ఉన్నాయి. శనివారం రోడ్డు పక్కన పానీపూరీ తిన్నాడు, అమ్మ ఆ బండివాణ్ణి తిట్టని పూట లేదు. బుధవారం చేయించిన వైడాల్ పరీక్షలో 1:80 వచ్చింది. ఇది టైఫాయిడేనా? జ్వరం ఇలా మెట్లెక్కినట్టు ఎందుకు పెరుగుతుంది?

బీటీఎమ్ బాచి
ప్లేట్‌లెట్లు చూపించారా? నాకు పోయిన ఏడాది డెంగీలో 40 వేలకు పడిపోయాయి. బొప్పాయి ఆకు రసం...

మారతహళ్లి అక్క
బాచి గారూ, డెంగీ పరీక్ష చేయించాం, లేదన్నారు. నేనడిగింది మెట్ల గురించి.

ల్యాబ్ రావు
పద్దెనిమిదేళ్లుగా రోజూ వైడాల్ చేస్తున్న చేయి నాది. 1:80 వచ్చిందంటే ఉన్నట్టే. ఆలస్యం చేయకుండా మందు మొదలుపెట్టండి. పానీపూరీలో నీళ్లు ఎక్కడివో ఆ దేవుడికే తెలియాలి.

సూక్ష్మదర్శిని
రావు గారూ, మూడో రోజున వచ్చిన 1:80తో ఉన్నట్టే అని ఎలా చెబుతారు? ఆ పరీక్ష క్రిమిని చూడదు, క్రిమి మీద ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను కొలుస్తుంది. అవి పెరగడానికి మొదటి వారం దాటాలి. పైగా మన దేశంలో ఎప్పుడో తగిలిన జ్వరం వల్లనో, టీకా వల్లనో ఆరోగ్యంగా తిరిగేవాళ్లలో కూడా అంత మోతాదు కనిపిస్తుంది.

అక్క గారూ, యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందే బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్షకు, రక్తం ఇప్పించండి. పెద్దవాళ్లకు పది మి.లీ. దాకా తీస్తారు, ఎందుకింత రక్తమని సిబ్బందితో గొడవపడకండి. రక్తంలో ఈ క్రిములు చాలా పలచగా ఉంటాయి, తక్కువ తీస్తే ఒక్కటి కూడా దొరకకపోవచ్చు.

ల్యాబ్ రావు
పుస్తకాలు మేమూ చదివాం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మందుల షాపులో యాంటీబయాటిక్ కొని రెండు రోజులు మింగాకే వస్తారు. వాళ్లకు కల్చర్‌లో ఏం మొలుస్తుంది? ఫలితానికి రెండు మూడు రోజులు, డబ్బు వేరే. మీలాంటివాళ్లు ఏసీ గదిలో కూర్చుని చెప్పడం సులువు.

సూక్ష్మదర్శిని
మందు పడ్డాక కల్చర్ తప్పిపోతుందన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. మందు పడకపోయినా అది అన్నిసార్లూ పట్టుకోదు. అందుకని పట్టుకోలేని పరీక్షకు బదులు తప్పుడు పరీక్షను నమ్మమంటారా? 1:80 చూసి టైఫాయిడ్ అని ముద్రవేస్తే అసలు రోగం వెనకపడుతుంది.

జయనగర్ అమ్మమ్మ
దీన్ని మేం సన్నిపాత జ్వరమనేవాళ్లం, ఇరవై ఒక్క రోజుల జ్వరం. మా అన్నయ్యకు వస్తే మా నాన్న మూడు వారాలు గంజినీళ్లు తప్ప ఏమీ ముట్టనివ్వలేదు. బతికాడు గానీ ఎముకల గూడులా లేచాడు. పిల్లవాడికి పథ్యం పెట్టండమ్మా.

సూక్ష్మదర్శిని
అమ్మమ్మ గారూ, అప్పటివాళ్ల భయం ఊరికే పుట్టలేదు. మూడో వారంలో పేగుకు పుండుపడి చిల్లుపడే ప్రమాదం ఉంది. కానీ ఆకలితో మాడ్చితే ఆ చిల్లు ఆగదు. ఇప్పుడు మెత్తని అన్నం, పప్పు, ఇడ్లీ పెట్టమనే చెబుతారు. కడుపులో ఒక్కసారిగా విపరీతమైన నొప్పి వచ్చి పొట్ట గట్టిపడితే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

మారతహళ్లి అక్క
మెట్ల సంగతి ఎవరూ చెప్పడం లేదు!

సూక్ష్మదర్శిని
క్షమించండి, రావు గారు దారి మళ్లించారు.

మింగిన క్రిములు చిన్నపేగు గోడ దాటగానే మన కాపలా కణాలే వాటిని మింగుతాయి. మింగుతాయి గానీ చంపలేవు. దొంగను స్టేషన్‌కు తీసుకెళ్తున్నామనుకుంటూ ఇంట్లోకే తీసుకొచ్చినట్టు, కాలేయానికి, ప్లీహానికి, ఎముకల్లోని మూలుగకు మోసుకుపోతాయి. అవి అక్కడ చప్పుడు లేకుండా పెరుగుతాయి. సాధారణంగా ఒకటి రెండు వారాలు మనిషికి ఏమీ తెలియదు. తర్వాత రక్తంలోకి రావడం మొదలవుతుంది. మలేరియాలో లాగా ఎర్రకణాలు ఒకేసారి పగిలి క్రిములు కుమ్మరించినట్టు రావు, కొంచెం కొంచెంగా, ఆగకుండా, రోజురోజుకూ ఎక్కువగా వస్తాయి. వాటికి ఒళ్లు స్పందించేకొద్దీ జ్వరం పైకి జరుగుతుంది. ఇక ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా ఒంటి వేడి తెల్లవారుజామున తగ్గి సాయంత్రం పెరుగుతుంది. రోజూ పైకి జరిగే జ్వరానికి ఈ ఉదయ సాయంత్రాల హెచ్చుతగ్గులు తోడైతే మీరు రాసుకున్న మెట్లు కనిపిస్తాయి.

మెట్లు లేకపోతే టైఫాయిడ్ కాదనడానికి వీల్లేదు. ఆరు గంటలకోసారి పారాసిటమాల్ వేస్తే మెట్లన్నీ చెరిగిపోతాయి. మీరు కొలిచినవి మాత్రకు ముందా, తర్వాతా?

మారతహళ్లి అక్క
ముందే. తనే రాసుకున్నాడు, సాఫ్ట్‌వేర్ బుర్ర. నిన్న 102 ఉన్నప్పుడు నాడి 84 ఉందని కూడా రాశాడు.

సూక్ష్మదర్శిని
అంత జ్వరానికి నాడి 110 దాకా పరుగెత్తాలి. జ్వరానికి తగ్గట్టు నాడి పెరగకపోవడం టైఫాయిడ్ వచ్చిన అందరిలో కనిపించదు గానీ, కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఇక పానీపూరీ సంగతి. శనివారం తింటే సోమవారానికి ఈ జ్వరం రావడం దాదాపు కుదరదు. అంతకు ఒకటి రెండు వారాల ముందు ఏం తిన్నాడో, ఏ నీళ్లు తాగాడో అడగండి.

పాత పీజీ పక్షి
అడగడమెందుకు, పీజీ నీళ్లే! మూడు పీజీలు మారాను. ట్యాంకర్ నీళ్లు సంపులో పడతాయి, సంపు మూత పగిలి ఉంటుంది, నాలుగడుగుల దూరంలో మురుగు చాంబర్. వంటగదిలో ఆర్వో యంత్రం మెరుస్తూ ఉంటుంది, దాన్ని చూపించి అద్దె పెంచుతారు. కీరా ముక్కలు, పుదీనా కడిగేది మాత్రం సంపు నీళ్లతోనే.

బీటీఎమ్ బాచి
మా పీజీలో జ్యూస్‌లో ఐస్ కూడా వేసేవారు. ఐస్‌లో క్రిమి చస్తుంది కదా?

పాత పీజీ పక్షి
చావదు బాచీ. ఐస్ ఏ నీళ్లతో చేశారో ఆ నీళ్లే.

సూక్ష్మదర్శిని
వంట చేసే చేతులనూ మరవకండి. ఈ క్రిమికి మనిషే ఇల్లు, పశువులూ కోళ్లూ కావు. జ్వరం తగ్గిన కొందరిలో పిత్తాశయంలో ఏళ్లతరబడి దాక్కుని మలంతో బయటికి వస్తుంటుంది. న్యూయార్క్‌లో వంటమనిషి మేరీ మలన్ అలాగే ఇల్లిల్లూ అంటించి, తను మాత్రం జబ్బుపడలేదు. 1907లో మొదటిసారి ఏకాంతంలో ఉంచారు. వదిలాక మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో మళ్లీ పట్టుకుని 1938లో పోయేదాకా ఉంచేశారు.

పాత పీజీ పక్షి
అంటే యజమానిని వదిలేసి పాపం వంటాయన మీద వేస్తారన్నమాట! సంపు కడగని పెద్దమనిషి హాయిగా అద్దెలు లెక్కపెట్టుకోవచ్చు.

సూక్ష్మదర్శిని
ఎవరి మీదా వేయలేదు. నీళ్లను మలం ఉందో లేదో చూసే సీసాతో పరీక్షించవచ్చు. నింపి వెచ్చని చోట పెడితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నల్లబడితే మురుగు కలిసిందని అనుమానించాలి, టైఫాయిడ్ క్రిమి ఉందని తేలినట్టు కాదు.

మారతహళ్లి అక్క (మంగళవారం)
శుక్రవారం సాయంత్రం 103 దాటింది. రక్తం ఇచ్చాకే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. నిన్న కల్చర్‌లో సాల్మొనెల్లా టైఫి, అంటే టైఫాయిడ్ క్రిమే, వచ్చింది. అదే గదిలో ఇంకొకరికీ జ్వరం. సంపు నీళ్ల సీసా నల్లబడింది, యజమాని మాత్రం ఆ సీసాయే పాతదంటున్నాడు. ఇవాళ ఐదో రోజు, ఇంకా 101.4 ఉంది. మందు మార్చమందామా?

ల్యాబ్ రావు
నా 1:80 తప్పలేదుగా మరి!

సూక్ష్మదర్శిని
నిర్ధారించింది కల్చర్ కదా రావు గారూ. అక్క గారూ, కల్చర్ కాగితంలో ఆ మందు పనిచేస్తుందని ఉంటే కంగారుపడకండి. సరైన మందు పడినా ఈ జ్వరం దిగడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పడుతుంది, మెల్లగా దిగుతుంది. రేపు, ఎల్లుండి కూడా తగ్గకపోతే డాక్టరును గట్టిగా అడగండి.

మారతహళ్లి అక్క
పనిచేస్తుందనే ఉంది. నిన్న సాయంత్రం 102.2, ఇవాళ 101.4. దిగే మెట్లు కూడా రాసుకుంటున్నాడు.

బీటీఎమ్ బాచి
మారతహళ్లి వైపు సంపు కడిగేవాళ్ల నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?