రికోర్స్, ఫీజు, అడ్వాన్స్ రేట్: ఓనరుగారికి తెలుగులో ఎలా చెప్పాలి?

జీడిమెట్ల_లెక్కలు:
మాది పంపు విడిభాగాలు టర్నింగ్ చేసే చిన్న యూనిట్. బిల్లు మీద ముందే డబ్బిచ్చే ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ అగ్రిమెంటు ఫైనాన్స్ కంపెనీనుంచి వచ్చింది, అంతా ఇంగ్లీషే. చదివి చెప్పాల్సింది నేనే. అడ్వాన్స్ రేట్ 80 శాతం, డిస్కౌంట్ ఏడాదికి 15 శాతం, ప్రాసెసింగ్ ఫీజు 0.5 శాతం, గడువు 60 రోజులు. "విత్ రికోర్స్" అని కూడా ఉంది. "80 శాతం రేటేంటయ్యా, దోపిడీనా?" అంటున్నారు ఓనరుగారు.

వసూళ్ల_డెస్క్:
ఆ గొడవంతా 'రేటు' అనే మాటతోనే. మనకు రేటంటే ధర, లేకపోతే వడ్డీ. ఇక్కడ ఆ మాట పక్కన పెట్టి "పది లక్షల బిల్లుకు ఇప్పుడు ఎనిమిది లక్షలు లెక్కకడతారు, మిగతా రెండు లక్షలు సరుకు కొన్న పార్టీ కట్టాక ఇస్తారు" అని చెప్పండి.

ఆ ఎనిమిది లక్షలూ చేతికి రావని వెంటనే చెప్పాలి. 8,00,000 మీద 15 శాతం చొప్పున 60 రోజులకు 19,726 ముందే పట్టుకుంటారు. ఫీజు 0.5 శాతం ఎనిమిది లక్షల మీద వేస్తారా, మొత్తం బిల్లు మీద వేస్తారా అన్నది చూడండి. బిల్లు మీదైతే 5,000, దానిపై 18 శాతం జీఎస్టీ 900. ఖాతాలో పడేది 7,74,374.

మీ ఓనరుగారికి శాతాలకన్నా నూటికి నెలకెంత అన్నదే బాగా అర్థమవుతుంది. 15 శాతమంటే రూపాయి పావలా వడ్డీ. కానీ 7,74,374 వాడుకున్నందుకు రెండు నెలలకు 25,626 పోతోంది కాబట్టి అసలు పడేది దాదాపు రూపాయి అరవై అయిదు పైసలు. గడువు తక్కువయ్యేకొద్దీ ఆ ఫీజు ఇంకా బరువవుతుంది. 30 రోజుల బిల్లుకూ అదే 5,900 కదా.

మిల్లు_రోడ్:
రికోర్స్ గురించి భయం అక్కర్లేదు. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం కొనుగోలుదారు 45 రోజుల్లో కట్టాల్సిందే. కాబట్టి ఆ క్లాజు చెల్లదు.

వసూళ్ల_డెస్క్:
సగమే నిజం. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదన్నది మీకూ కొనుగోలుదారుకూ మధ్య నియమం. ఆలస్యమైతే వడ్డీ అడిగే హక్కు మీకు ఆయన మీద ఉంటుంది. డబ్బిచ్చిన కంపెనీతో మీరు రాసుకున్నది వేరే కాగితం, దాన్ని ఆ చట్టం ఆపదు.

రికోర్స్‌ను "పార్టీ కట్టకపోతే ఆ డబ్బు మనమే వెనక్కి కట్టాలి" అని చెప్పండి. అగ్రిమెంటులో 'రీపర్చేజ్' అనే మాట వెతకండి. గడువు తీరాక ఎన్ని రోజులు ఆగుతారో, తర్వాత ఎన్ని రోజుల్లో కట్టమంటారో అక్కడే ఉంటుంది. పార్టీ మూతపడినా ఎనిమిది లక్షలూ మీరే కట్టాలి. దానికోసమే ఖాళీ చెక్కులు, ఖాతానుంచి నేరుగా తీసుకునే మాండేటు, ఓనరుగారి సొంత హామీ అడుగుతారు. సొంత హామీ ఉంటే యూనిట్ ఆస్తులతో ఆగదని కూడా చెప్పాలి.

లేత్_మెషిన్:
మాకు పార్టీ ఎగ్గొట్టలేదు. కొన్ని పీసులు కొలత తప్పాయని డెబిట్ నోట్ వేసింది, అంతే. మిగిలిన డబ్బు కోసం చూస్తుంటే కోతే వచ్చింది. ఇది రికోర్స్ కిందకు వస్తుందా?

వసూళ్ల_డెస్క్:
అది ఆ ఆపి ఉంచిన రెండు లక్షల్లోంచి పోతుంది. జీడిమెట్లగారి బిల్లుతోనే చూద్దాం. పార్టీ 85వ రోజున కట్టింది, 60,000 కోసింది. గడువు దాటాక వడ్డీ 18 శాతం అని ఉంటే 25 రోజులకు 9,863. వచ్చేది 1,30,137. కోత రెండు లక్షలు దాటిందంటే పైది మీరు చేతినుంచి పెట్టుకోవాలి. వితౌట్ రికోర్స్ అగ్రిమెంట్లలోనూ సరుకు నాణ్యత తగాదా మామూలుగా అమ్మినవాడి మీదే ఉంటుంది. అది కాచేది పార్టీ దివాలా తీయడాన్నే.

మిల్లు_రోడ్:
అయితే చిన్న యూనిట్ల బిల్లుల మీద డబ్బిచ్చే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లో పెట్టుకోండి. అక్కడ ఆర్‌బీఐ నిబంధన ప్రకారమే అమ్మినవాడి మీద రికోర్స్ ఉండదు.

వసూళ్ల_డెస్క్:
ఈ మాట నిజం. కానీ మీ పార్టీ కూడా అందులో చేరి, బిల్లును ఒప్పుకోవాలి. అదే జరగదు చాలాచోట్ల.

జీడిమెట్ల_లెక్కలు:
మా పార్టీ అందులో లేదు, అడిగి చూస్తా. ఇంకొకటి. చివరి పేజీలో "ఇందులోని విషయాలు నాకు తెలుగులో చదివి వివరించారు" అని ఓనరుగారి సంతకం, కింద వివరించినవారి సంతకం ఉన్నాయి. ఆ రెండో సంతకం నేను పెట్టాలంటున్నారు.

వసూళ్ల_డెస్క్:
తొందరపడకండి. ఫైనాన్స్ కంపెనీ మనిషినే వచ్చి క్లాజు క్లాజుకూ తెలుగులో చెప్పి ఆ సంతకం పెట్టమనండి. రేపు "నాకు తెలియదు" అనడానికి ఓనరుగారికి దారి మూసేది ఆ పేజీయే.

మిల్లు_రోడ్:
వాళ్ల మనిషి వాళ్లకు అనుకూలంగానే చెబుతాడు. ఇంట్లో మనిషి చెప్పడమే నయం.

లేత్_మెషిన్:
ఇద్దరూ ఉండగా చెప్పించుకోవచ్చుగా. సంతకం మాత్రం ఎవరిదన్నది నాకూ తేలలేదు.