అప్‌డేట్: కార్డు అమ్మకాల డబ్బు ఆగింది ఎక్కడంటే

నా ప్రశ్న ఇది: "శనివారం కార్డు అమ్మకాలన్నీ అప్రూవ్ అయ్యాయి, స్లిప్పులూ ఉన్నాయి. మంగళవారమైనా ఖాతాలో డబ్బు పడలేదు. ఎందుకు?"

డబ్బు వచ్చేసింది. కార్డు మెషీన్ రాత్రి 11కి తనంతట తానే సెటిల్‌మెంట్ చేసేలా, అంటే ఆ రోజు అమ్మకాల లెక్క బ్యాంకుకు పంపి మూసేలా, సెట్ చేసి ఉంది. మా కుర్రాడు షాపు మూస్తూ 10కే దాన్ని ఆపేస్తున్నాడు. అప్రూవల్ అంటే కస్టమర్ బ్యాంకు ఒప్పుకున్నట్టు మాత్రమే. మా మెషీన్‌లో ఆ అమ్మకాలు బ్యాచ్‌గా పోగై ఉంటాయి. సెటిల్‌మెంట్‌తో ఆ బ్యాచ్ మూసేదాకా మాకు రావాల్సిన డబ్బు కదలదు.

టెక్నీషియన్ మా ముందే సెటిల్‌మెంట్ నొక్కాడు. మెషీన్ ముందు మొత్తాలే పంపుతుంది: 31 అమ్మకాలు, రూ.42,850. మా బ్యాంకు లెక్కలో 32 ఉన్నాయి, రూ.1,250 ఎక్కువ. నెట్‌వర్క్ తెగి స్లిప్పు రాని అమ్మకం ఒకటి అక్కడ మిగిలిపోయింది. లెక్క కుదరకపోతే మెషీన్ ఒక్కో అమ్మకాన్నీ విడిగా పంపుతుంది, అందుకే కాస్త ఆలస్యమైంది. ఆ 1,250 మాకు రాదు, కస్టమర్‌కే వెనక్కి వెళ్తుంది. న్యాయమే కదా!

తర్వాత మా బ్యాంకు ఆ వివరాలను కార్డు నెట్‌వర్క్ ద్వారా కస్టమర్ల బ్యాంకులకు పంపింది. మరుసటి పనిదినం, కమిషన్ పోను మిగిలింది జమైంది.

ఇప్పుడు సెటిల్‌మెంట్ టైమ్ 9:30కి మార్పించాం. స్లిప్పు మీద SETTLEMENT SUCCESSFUL చూశాకే మెషీన్ ఆపుతున్నాం. ఇంకోటి, పొరపాటు బిల్లును వాయిడ్, అంటే రద్దు, చేయాలంటే బ్యాచ్ మూయకముందే చేయాలి. తర్వాతైతే రీఫండే దారి, అది కస్టమర్‌కు చేరడానికి రోజులు పడుతుంది.